65 కిలోల కేటగిరీ, స్టేజ్‌కి తొమ్మిది రోజులు: క్రియాటిన్ ఆపాలా?

హన్మకొండ కుర్రాడు
అన్నలకు నమస్తే. వచ్చే శనివారం సాయంత్రం వెయింగ్, ఆదివారం స్టేజ్. బాడీబిల్డింగ్‌లో నాది 65 కిలోల కేటగిరీ. ఈరోజు పొద్దున పరగడుపున చూస్తే 66.3 ఉంది. నాలుగు నెలలుగా రోజూ 5 గ్రాముల క్రియాటిన్ వేస్తున్నా. ఈరోజే ఆపేస్తే కిలోన్నర నీరు దిగిపోతుంది, చర్మం పల్చబడి కట్స్ బయటపడతాయి అని జిమ్‌లో అంటున్నారు. ఇంకొకాయన ముట్టుకోవద్దంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏం చేయాలి?

నర్సంపేట భాయ్
ఆపేయ్ తమ్మీ, ఆలోచించకు. క్రియాటిన్ నీళ్లు పట్టి ఉంచుతుంది. నేను మొదటిసారి వేసినప్పుడు వారంలోనే కిలోకి పైగా పెరిగా, మొహం ఉబ్బింది. ప్రతి పోటీకి రెండు వారాల ముందు ఆపేస్తా, చర్మం టైట్ అవుతుంది. బుధవారం నుంచి ఉప్పు బంద్, శనివారం గుక్కెడు గుక్కెడు నీళ్లు. అందరూ చేసేదే.

కాజీపేట కోచ్
భాయ్ బరువు గురించి చెప్పింది నిజం. మొదట్లో, ముఖ్యంగా రోజుకు 20 గ్రాముల చొప్పున లోడింగ్ చేస్తే, కిలో వరకు నీరు చేరుతుంది. చర్మం గురించి మాత్రం నేను ఒప్పుకోను. మన ఒంట్లో క్రియాటిన్ దాదాపు అంతా కండ కణాల్లోనే ఉంటుంది, దాంతో వచ్చిన నీరు కూడా చాలావరకు కండతోనే ఉంటుంది. కట్స్‌ని కప్పేది కణాల బయట, చర్మం కింద ఉండే నీరు, ఇంకా మిగిలిన కొవ్వు. భాయ్, మీకు ఆ రెండు వారాల్లో చర్మం టైట్ అయిందంటే డైట్ కూడా అప్పుడే గట్టిగా నడుస్తోంది కదా, కొవ్వు దిగింది.

ఇక ఆపితే ఎంత దిగుతుందో చూద్దాం. కండలో ఉన్న క్రియాటిన్‌లో రోజుకు నూటికి రెండు పాళ్ల లోపే క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. తిండి ద్వారా వచ్చేది, ఒళ్లు తయారు చేసుకునేది ఆ లోటును కొంత పూడుస్తూనే ఉంటాయి. పాత స్థాయికి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వెయింగ్‌కి ఉన్న ఎనిమిది రోజుల్లో, అదనంగా చేరిన దాంట్లో మహా అయితే పావు వంతు. అంటే కిలో చేరి ఉంటే పావు కిలో. అది కూడా కండలోంచే పోతుంది. నీకు తగ్గాల్సింది 1.3 కిలోలు. ఈ దారిలో రాదు తమ్మీ.

జనగామ రీడర్
అన్నా, నాది కూడా ఇదే సమస్య. మొన్న బ్లడ్ టెస్ట్‌లో క్రియాటినిన్ 1.4 వచ్చింది. ఇంట్లో మా బాబాయి డయాలసిస్‌లో ఉన్నారు, అమ్మ భయపడిపోతోంది. ఆపేయనా?

ల్యాబ్ టెక్నీషియన్
తమ్ముడూ, ఇక్కడ అడుగుతున్నది స్టేజ్ గురించి, నీది వేరే. కండ ఎక్కువున్నవాళ్లకూ, క్రియాటిన్ వేసేవాళ్లకూ ఆ నంబర్ కాస్త పైకే ఉంటుంది, దాన్నొక్కదాన్నే చూసి కిడ్నీ పోయిందనుకోవద్దు. కానీ ఇంట్లో కిడ్నీ జబ్బు ఉందన్నావు కాబట్టి వదిలేయకు. కొన్ని వారాలు క్రియాటిన్ ఆపి, సిస్టాటిన్ సి పరీక్ష, మూత్రంలో ప్రొటీన్, బీపీ చూపించుకో. నువ్వు వేస్తున్న సంగతి డాక్టర్‌కు దాచకు.

హన్మకొండ కుర్రాడు
కోచ్ సార్, మరి 1.3 కిలోలు ఎక్కడి నుంచి తేవాలి?

కాజీపేట కోచ్
కొంత నీ కడుపులోంచి, మిగతాది గ్లైకోజెన్ నుంచి, అంటే కండల్లో నిల్వ ఉండే కార్బ్ నుంచి. క్రియాటిన్ ఎప్పటిలాగే నడవనీ.

బుధవారం రాత్రి నుంచి జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పులు, సలాడ్ బంద్. తెల్ల అన్నం కొద్దిగా, కోడిగుడ్డు తెల్లసొన, చికెన్, చేప. పీచు తగ్గితే పేగుల్లో మిగిలే బరువు అర కిలో దాకా తగ్గుతుంది, కండకు ఏమీ కాదు. రెండోది, సోమవారం నుంచి కార్బ్ తగ్గించి, ఒళ్లంతా పట్టేలా తేలికపాటి బరువులతో ఎక్కువ రెప్స్ చెయ్. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు మూడు గ్రాముల నీరు ఉంటుంది. 200 గ్రాములు ఖర్చయితే నీటితో కలిపి 800 గ్రాములు. ఇక్కడికి నీ లెక్క సరిపోయింది.

అసలు చిక్కు దీని తర్వాతే ఉంది. గ్లైకోజెన్ బాగా ఖాళీ చేస్తే తిరిగి నింపడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, నీకున్నది ఒక్క రాత్రి. కాబట్టి పూర్తిగా అడుగంటేదాకా పోకు, శుక్రవారం బరువు చూసి ఆపేయ్. వెయింగ్ అయిన వెంటనే తెల్ల అన్నం, మరమరాలు, తేనె, కొద్దికొద్దిగా మొదలుపెట్టు. పొద్దుటికి మొత్తం 300 నుంచి 350 గ్రాముల కార్బ్ చాలు. ఒకేసారి తింటే పొట్ట ఉబ్బుతుంది, నడుము పోతుంది.

ఉప్పూ నీళ్లూ మాత్రం ఎప్పటి లెక్కనే ఉంచు. పేగుల్లోంచి గ్లూకోజ్ లోపలికి పోవాలంటే సోడియం కావాలి. ఉప్పు ఒక్కసారి ఆపితే ఆల్డోస్టెరోన్ అనే హార్మోన్ పెరిగి కిడ్నీ ఉన్న ఉప్పునే పట్టుకుంటుంది. నీళ్లు ఆపితే ముందు తగ్గేది రక్తం. అప్పుడు పంప్ రాదు, నరాలు తేలవు, కండ ఫ్లాట్‌గా కనిపిస్తుంది. అది చూసి నీళ్లు ఇంకా ఉన్నాయని మరీ తగ్గిస్తారు.

కరీంనగర్ ఫిజిక్
కోచ్ గారు, మీతో పూర్తిగా ఏకీభవించలేను. నేను ఉప్పు ముట్టుకోను, నీళ్లు మాత్రం చివరి రాత్రి సగం చేస్తా. అద్దంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

కాజీపేట కోచ్
అదే రాత్రి మీరు కార్బ్ కూడా పెంచుతారు కదా? రెండూ కలిపి చేసినప్పుడు తేడా దేనివల్లో ఎలా చెప్పగలం? ఒకసారి నీళ్లు మార్చకుండా చేసి, అదే లైటింగ్‌లో ఫోటో పెట్టండి, చూద్దాం.

పరకాల రైడర్
ఇంత లెక్క ఎందుకు భయ్యా. మూత్రం పోయే ట్యాబ్లెట్ ఒకటి వేస్తే రాత్రికి రాత్రి రెండు కిలోలు.

ల్యాబ్ టెక్నీషియన్
ఆ మాట ఇక్కడ పిల్లలకు చెప్పకండి, దండం పెడతా. ఫ్యూరోసెమైడ్ నీటితోపాటు పొటాషియంను కూడా తోడేస్తుంది. ఇంకో రకం పొటాషియంను ఒంట్లోనే ఆపుతుంది, దాని మీద పొటాషియం మాత్రలు వేస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. 1992లో మహమ్మద్ బెనజీజా అంతటి ప్రొఫెషనల్ బాడీబిల్డర్ షో అయిన రాత్రే చనిపోయాడు, డైయూరెటిక్స్ వల్లే అని అంటారు. పిక్కలు పట్టేయడం, గుండె దడ, కళ్లు తిరగడం కనిపిస్తే స్టేజ్ సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి.

నర్సంపేట భాయ్
ట్యాబ్లెట్ల విషయంలో నేనూ మీ మాటే. క్రియాటిన్ మాత్రం నేను ఆపుతూనే ఉంటా, నాకు మొహం తేడా తెలుస్తుంది.

హన్మకొండ కుర్రాడు
అన్నలూ, పోటీ అయిపోయింది. వెయింగ్‌లో 64.8. క్రియాటిన్ ఆపలేదు, ఉప్పూ నీళ్లూ తగ్గించలేదు. రాత్రంతా కొద్దికొద్దిగా తిన్నా. పొద్దున తెర వెనక పుషప్స్ కొడితే చేతుల మీద నరాలు లేచాయి, తొడలు మాత్రం ఇంకా ఫ్లాట్‌గానే ఉన్నాయి. మొదటి అయిదుగురిలో ఉన్నా. విచిత్రం ఏంటంటే, సాయంత్రం ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే తొడలు స్టేజ్ మీదకంటే నిండుగా, గీతలు తేలి కనిపించాయి. కార్బ్ సరిపోలేదా, టైమ్ సరిపోలేదా?

కాజీపేట కోచ్
టైమ్ అనుకుంటున్నా. డిప్లీషన్‌లో తొడలకు రెప్స్ ఎక్కువ కొట్టి ఉంటావు, పెద్ద కండ, ఆలస్యంగా నిండుతుంది. వచ్చేసారి కాళ్ల వర్కౌట్ మంగళవారంతో ఆపేసి చూడు. ఇంకో మాట, వారం ముందు 1.3 కిలోలు దించుకునే పరిస్థితే రాకుండా, నెల ముందే 65.5కి వచ్చి ఉండు.