సొంత బండి మీద డెలివరీ: పెట్రోల్ పోగా మిగిలిందంతా సంపాదనేనా?

ఉప్పల్_కొత్తరైడర్
హైదరాబాద్‌లో నాలుగు నెలలుగా 110 సీసీ బండి మీద ఫుడ్ డెలివరీ చేస్తున్నాను. రోజుకు 950 దాకా వస్తుంది, పెట్రోల్‌కి 300 పోతుంది. మిగతా 650 నా సంపాదనే కదా? ఇంట్లో కాదంటున్నారు.

నాచారం_షెడ్డు
కాదు తమ్ముడూ. ముందు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి బండి మీటర్ రీడింగ్ రాసుకో, యాప్‌ లెక్క వదిలెయ్. ఇంటి నుంచి జోన్‌కి వెళ్లేది, ఆర్డర్ ఇచ్చి ఖాళీగా తిరిగొచ్చేది, అడ్రస్ దొరక్క గల్లీల్లో తిరిగేది అందులో కనపడవు. నీ 300 పెట్రోల్ అంటే 2.8 లీటర్లు. ఆగుతూ పోతూ ఉండే బండికి 43 మైలేజ్ వేసుకున్నా రోజుకు 120 కిలోమీటర్లు. నెలకు 26 రోజులు తిరిగితే 3,100 పైనే, అంటే దాదాపు ప్రతి నెలా ఇంజన్ ఆయిల్ మార్చాలి. టైర్లు, చైన్ సెట్, బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు అన్నీ కలిపితే నా షెడ్డు అనుభవంలో కిలోమీటర్‌కి 65 పైసలు పడుతుంది. రోజుకు దగ్గర దగ్గర 80. ఇక 90 వేల బండి 60 వేల కిలోమీటర్లు తిరిగాక 30 వేలకు పోతే, కిలోమీటర్‌కి రూపాయి అరిగినట్టే. అది ఇంకో 120. నీకు మిగిలేది 450.

కూకట్‌పల్లి_09
ఆ రూపాయి లెక్క తప్పు. బండి ఇంటి ముందు కవర్ కప్పి పెట్టినా రేటు పడిపోతుంది. ఎలాగూ ఉన్న బండికి అరుగుదల అంతా డెలివరీ మీదే ఎందుకు వేస్తున్నారు? మూడేళ్లుగా చేస్తున్నాను, పెట్రోల్ తప్ప జేబులోంచి ఏం పోతుందో నాకు తెలుసు.

మియాపూర్_వాసి
బైక్ టాక్సీకి పసుపు నంబర్ ప్లేట్ కావాలంటారు, అది చూసుకున్నారా?

ఉప్పల్_కొత్తరైడర్
అన్నా, నేను మనుషుల్ని ఎక్కించుకోను, ఫుడ్ మాత్రమే.

నాచారం_షెడ్డు
09 చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఇంటి పనులకు వాడిన రెండేళ్ల బండి 65 వేలకు పోతుందనుకుందాం. అదే బండి డెలివరీలో 74 వేల కిలోమీటర్లు తిరిగితే 30 వేలు కూడా కష్టమే. ఆ తేడా 35 వేలే డెలివరీ ఖర్చు. కిలోమీటర్‌కి 47 పైసలు, రోజుకు 56. అప్పుడు మిగిలేది 515 అవుతుంది, 650 మాత్రం కాదు.

కూకట్‌పల్లి_09
షెడ్డు నడిపేవాళ్లకి ఖర్చు ఎప్పుడూ ఎక్కువే కనపడుతుంది.

నాచారం_షెడ్డు
ఆ మాట అనకు. పోయిన నెల ఒక కుర్రాడు తెల్లపొగ కక్కుతున్న బండి తోసుకుంటూ వచ్చాడు. ఆయిల్ తగ్గిపోయినా చూసుకోలేదు, 8 వేల కిలోమీటర్లు మార్చలేదు. బోర్, పిస్టన్ పని 7 వేలు అయింది. కట్టింది వాళ్లమ్మ, చీటీ డబ్బుల్లోంచి. ఆ పిల్లాడు కూడా రోజుకు 650 మిగులుతుందనే చెప్పేవాడు.

వరంగల్_అక్క
ఇన్సూరెన్స్ గురించి ఎవరూ అనలేదేం? మా తమ్ముడు డెలివరీకి వెళ్తుండగా ఆటో గుద్దింది, బండి రిపేరు 18 వేలు. సొంత వాడకం పాలసీ మీద కిరాయి పని చేశారని క్లెయిమ్ కొట్టేశారు. పాలసీ కాగితంలో ‘వాడకం పరిమితులు’ అని ఉంటుంది, అది చదవండి. డెలివరీకి వాడతానని ముందే రాతపూర్వకంగా చెప్పి, కవర్ అవుతుందో లేదో రాతలోనే తీసుకోండి.

కూకట్‌పల్లి_09
అన్నీ నిజమే అనుకుందాం. నాకు రోజుకు 350 ఇంటి అద్దెకే పోతుంది. మిగిలేది 515 అని ఇంట్లో చెబితే రేపే మానెయ్యమంటారు. మానేసి ఏం చేయాలి? పదో తరగతి వాడికి, నచ్చిన టైమ్‌కి వెళ్లగలిగే పని ఇంకేం ఉంది? మీరు లెక్కలు చెబుతారు, నా అద్దె ఎవరు కడతారు?

నాచారం_షెడ్డు
మానెయ్యమని నేనన్నానా? రేపటి ఇంజన్ డబ్బు ఇవాళ అద్దెకి కడుతున్నావని చెప్తున్నాను. రోజుకు 80 విడిగా డబ్బాలో వెయ్యి, రిపేరు వచ్చినప్పుడు అప్పు చేయక్కర్లేదు.

కూకట్‌పల్లి_09
80 పక్కన పెట్టగలిగితే ఇంత మాట్లాడేవాడిని కాదు.

ఉప్పల్_కొత్తరైడర్
మూడు రోజులు మీటర్ రాశాను: 118, 131, 109. 131 తిరిగిన రోజే తక్కువ వచ్చింది, 870. రెండు ఆర్డర్లు ఘట్‌కేసర్ వైపు పడ్డాయి, రెండుసార్లూ ఖాళీగా వెనక్కి వచ్చాను. ఇంకో మాట చెప్పాలి. ఇంట్లో కాదన్నది నాన్న. బండి ఆయన పేరు మీద ఉంది, టైర్లు, సర్వీసింగ్ ఆయనే చేయిస్తున్నారు. ఆ డబ్బు నేను ఎప్పుడూ లెక్కలో వేయలేదు. ఈ నెల ఆయిల్ నేనే మార్పిస్తాను. ఇన్సూరెన్స్ సంగతి కూడా ఆయనతోనే మాట్లాడాలి.