"ఉపాంత" అంటే అంచా, కొసరా, ఇంకొక్కటా?

సుజాత: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ. రాత్రి చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది: "ఉపాంత రాబడి, ఉపాంత వ్యయం సమానమైన చోట సంస్థకు గరిష్ఠ లాభం." వచ్చిందీ ఖర్చయిందీ సమానమైతే మిగిలేది సున్నా కదమ్మా, గరిష్ఠం ఎలా అవుతుంది అంటుంది. తెలుగు ఎం.ఏ. చేసిన దాన్ని. ఉపాంతం అంటే చివరికి దగ్గరగా ఉన్నది అని చెప్పగలిగాను, అక్కడితో నా పని అయిపోయింది. ఆ మాట ఇక్కడ ఏం పని చేస్తోందో ఎవరైనా చెప్పండి.

యాదగిరి: ఉపాంత అంటే ఇంగ్లిషులో మార్జినల్, మార్జినల్ అంటే సన్నకారు కదా మేడం. రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు రైతు అని రాస్తారు. అంటే ఉపాంత రాబడి అంటే చాలీచాలని రాబడి. మా ఇంట్లో అదే నడుస్తోంది.

రామ్మూర్తి: యాదగిరీ, ఇంగ్లిషులో మాట ఒకటే గానీ పని వేరు. నేను ముప్ఫై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఈ పాఠమే చెప్పాను. ఏటా మొదటి రోజు క్లాసులో సగం మందికి వచ్చేది సుజాతగారి అమ్మాయి సందేహమే. "ఉపాంత" అన్న మాటని కళ్లు దాటేస్తాయి, "రాబడి = వ్యయం" అని చదువుకుంటాం. అక్కడ సమానమవుతున్నది మొత్తం రాబడి, మొత్తం ఖర్చు కాదు. ఇప్పటిదాకా చేసినదాని మీద ఇంకొక్కటి చేస్తే అదనంగా ఎంత వస్తుంది, ఆ ఒక్కదానికి అదనంగా ఎంత అవుతుంది, ఈ రెండే.

కిరణ్: ఇంత అక్కర్లేదు మాస్టారూ. ఒక్కో కిలో మీద ఎంతో కొంత మిగులుతున్నంత కాలం చేస్తూ పోవడమే. మిగలడం ఆగితే మనమూ ఆగాలి.

లక్ష్మి: కిరణ్ తమ్ముడూ, పోయిన సంక్రాంతికి నేను సరిగ్గా అలాగే చేసి దెబ్బతిన్నాను. ఇంట్లో అరిసెలు చేసి అపార్టుమెంటు గ్రూపులో అమ్ముతాను. పాకానికి 5 కిలోలు. పొయ్యి, పెద్ద మూకుడు అద్దె, పిండి పట్టించే కూలి కలిపి రోజుకి 1500, ఒక పాకం పెట్టినా ఆరు పెట్టినా అంతే. మొదటి రెండు పాకాలు నేనూ మా అత్తగారూ చేసుకుంటాం, సరుకు ఖర్చే, పాకానికి 1200. మూడో దానికి ఒత్తడానికి ఒకావిడ రావాలి, 1400. నాలుగోది 1600, అయిదోది 1700. ఆరోది రాత్రి పదింటికి పెట్టాం, ఆవిడకి ఆటో ఖర్చు కూడా ఇచ్చి 2000.

అయిదు పాకాలు, అంటే 25 కిలోలు, కిలో 420కి పోతున్నాయి. ఆరోది కూడా పోవాలంటే 400 చేయాలి. అయిదు కిలోలు నాలుగొందల చొప్పున 2000 వస్తుంది, ఖర్చూ 2000, పోయేదేముంది, నలుగురికి పేరు తెలుస్తుంది అనుకున్నా. రాత్రి లెక్క చూస్తే 1400 మిగిలింది. అయిదు దగ్గర ఆగి ఉంటే 1900 చేతికి వచ్చేది. ఆ అయిదు వందలు ఎటు పోయాయో తెలియక డబ్బాలు రెండుసార్లు తూచాను.

రామ్మూర్తి: ఎటూ పోలేదమ్మా, ముందు 25 కిలోల్లోనే పోయాయి. ధర 400 అని గ్రూపులో పెట్టగానే అందరికీ 400 అయింది. 420కి పోవాల్సిన 25 కిలోల మీద కిలోకి 20 చొప్పున 500 తగ్గింది. అంటే ఆరో పాకం తెచ్చింది 2000 కాదు, 1500. దాని ఉపాంత రాబడి అదీ. ఖర్చేమో 2000.

ఇక కిరణ్ చెప్పినట్టే చూద్దాం. ఆరు పాకాలకి మొత్తం ఖర్చు 10600. 30 కిలోలకి పంచితే కిలో సుమారు 353. అమ్మింది 400కి. కిలోకి 47 మిగులుతూనే ఉంది, అయినా మొత్తం మీద లాభం తగ్గింది. సగటు లెక్క మాయ ఇదే, చివరి పాకం చేసిన నష్టాన్ని మొదటి పాకాల లాభం కప్పేస్తుంది. తక్కువ పాకాలు పెట్టినప్పుడు ఏ ధరకి పోతాయో కూడా చెప్పు లక్ష్మీ.

లక్ష్మి: ఒక్క పాకమే అయితే 500కి కూడా పోతాయి మాస్టారూ. రెండైతే 480, మూడైతే 460, నాలుగైతే 440.

రామ్మూర్తి: అయితే మొత్తం రాబడి వరసగా 2500, 4800, 6900, 8800, 10500, 12000. పక్కపక్క అంకెల తేడాలు తీయండి: రెండోది 2300 తెచ్చింది, మూడోది 2100, తర్వాత 1900, 1700, 1500. పక్కనే ఖర్చులు పెట్టండి: 1200, 1400, 1600, 1700, 2000. మూడో పాకం 1400 తిని 2100 తెచ్చింది, లాభం 700 పెరిగింది. నాలుగోది 300 కలిపింది. అయిదోది ఎంత తిన్నదో అంతే తెచ్చింది. ఆరోది 500 లాక్కుపోయింది. అయిదో దాని దగ్గర సున్నా అయినది లాభం కాదు, లాభంలో పెరుగుదల. గుట్ట ఎక్కుతున్నవాడికి ఎక్కడం ఆగిపోయింది, దిగడం ఇంకా మొదలవలేదు. వాడు ఉన్నది శిఖరం మీద.

సుజాత: మా అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది. అయిదోది ఏమీ కలపకపోతే నాలుగుకే ఆగొచ్చు కదా అంటోంది.

రామ్మూర్తి: ఆగొచ్చు. రెండు చోట్లా 1900లే. పాకాలుగా కాకుండా పావుకిలో చొప్పున పెంచుకుంటూ పోతే శిఖరం నాలుగుకీ అయిదుకీ మధ్య ఎక్కడో వస్తుంది. ఇంకొకటి కూడా చెప్పు తనకి. సమానమైతే చాలదు. దానికి ముందు రాబడి ఎక్కువగానూ, తర్వాత ఖర్చు ఎక్కువగానూ ఉండాలి. కొన్ని పనుల్లో మొదట్లో ఖర్చు బాగా ఎక్కువై, చేయి తిరిగాక తగ్గుతుంది. దిగే ఆ దారిలో కూడా రెండూ ఒకసారి కలుసుకుంటాయి. అది లోయ అడుగు, అక్కడ ఆగితే మునిగినట్టే.

కిరణ్: అద్దె 1500 కాక 2500 అయితే? అప్పుడు ఇంకా ఎక్కువ చేసి రాబట్టుకోవాలి కదా.

రామ్మూర్తి: ఆరో పాకం పెడితే అద్దె మారుతుందా? మారదు. లాభం 1900 బదులు 900 అవుతుంది, ఆగాల్సిన చోటు మాత్రం అదే. అద్దె కిట్టుబాటు కానంత పెరిగితే వచ్చే ఏడాది మూకుడు తీసుకోకూడదు, అంతే.

యాదగిరి: మరి మిర్చికి ఈ లెక్క నడవదు సార్. నేను పది బస్తాలు ఎక్కువ తెచ్చానని ఏనుమాముల యార్డులో రేటు పడదు.

రామ్మూర్తి: అందుకే నీ లెక్క ఇంకా సులువు. నీకు ఉపాంత రాబడి అంటే మార్కెట్ రేటే. చివరి కోత ఎప్పుడు మానేస్తారు?

యాదగిరి: కూలీలు అంతే మంది రావాలి, కాయ సగం కూడా రాదు, అందులో తాలు ఎక్కువ. ఏరిన కూలీకి కాయ ఖరీదు చాలకపోతే చేలోనే వదిలేస్తాం. ఓ, ఇదేనా మీరు చెప్పేది?

రామ్మూర్తి: ఇదే. మొత్తం పెట్టుబడి గుర్తుకొచ్చి ఏరితే ఇంకా పోతుంది.

సుజాత: ఇప్పుడు మాట సంగతి. ఇదంతా "ఇంకొక్కటి" గురించి అయితే "ఉపాంత" ఎందుకు పెట్టినట్టు? జర్మన్‌లో వీజర్ అనే ఆర్థికవేత్త 1884లో వాడిన మాటలో హద్దు అన్న అర్థం ఉంది, ఇంగ్లిషులో అది అంచు అయింది. హిందీ వాళ్లు సీమాంత అన్నారు. మనకేమో ఉపాంత్యం అంటే చివరిదానికి ముందుది, పిల్లలు రెండూ కలిపేసుకుంటారు. "కొసరు రాబడి" అంటే?

లక్ష్మి: వద్దండీ. కొసరు అంటే ఊరికే వేసేది. కొసరు వ్యయం అయితే ఉంటుంది, కొసరు రాబడి ఎక్కడుంది!

కిరణ్: "అదనపు" చాలు కదా.

రామ్మూర్తి: అదనపు అంటే మూడు పాకాలైనా అదనమే. ఒక్కటే అన్న సంగతి అందులో లేదు. "మలి రాబడి, మలి ఖర్చు" అని క్లాసులో నేను అనేవాణ్ణి, పరీక్షలో రాయొద్దని కూడా చెప్పేవాణ్ణి.

సుజాత: మలి అంటే మా వైపు రెండోది మాస్టారూ, తొలి మలి అంటాం. అయిదోదాన్ని కూడా మలి అనొచ్చంటారా?

లక్ష్మి: మీరు తేల్చుకోండి. ఈసారి నాలుగు పాకాలే. అయిదోది ఏమీ కలపనప్పుడు మా అత్తగారి నడుమైనా మిగులుతుంది.