లోకనాథుడు: తత్పురుషమా, బహువ్రీహియా?

తెలుగు ఉపాధ్యాయిని: పదో తరగతి పిల్లలకు తత్పురుషానికీ బహువ్రీహికీ తేడా తెలియడానికి ఈ చాటుశ్లోకం చెప్పాను.

"అహం చ త్వం చ రాజేంద్ర లోకనాథావుభావపి
బహువ్రీహిరహం రాజన్ షష్ఠీతత్పురుషో భవాన్"

బిచ్చగాడు రాజుతో "మనమిద్దరమూ లోకనాథులమే, కాకపోతే నేను బహువ్రీహిని, తమరు షష్ఠీ తత్పురుషం" అంటాడు. అందరూ హాయిగా నవ్వారు గాని, మరునాడు విగ్రహవాక్యం అడిగితే చాలామంది "లోకనాథుడు కలవాడు" అని రాశారు. దీనిని ఏ క్రమంలో చెబితే సమాసం కూడా గుర్తుంటుంది?

ఒక విద్యార్థి తండ్రి: మా అబ్బాయికి ట్యూషన్‌లో ఒక కిటుకు చెప్పారండి. దేవుడి పేరైతే బహువ్రీహి అని రాసేయమన్నారు. చక్రపాణి, ముక్కంటి, గజాననుడు అన్నీ సరిపోయాయి.

విశ్రాంత భాషాపండితులు: ఆ మూడింటికీ సరిపోతుంది. అయితే రమాపతి కూడా దేవుడి పేరే, అయినా "రమ యొక్క పతి" కనుక అది షష్ఠీ తత్పురుషమే. చక్రపాణిలో చక్రమూ దేవుడు కాదు, పాణీ దేవుడు కాదు. చక్రం చేతిలో ఉన్న మూడోవాడు దేవుడు. రమాపతిలో ఆ పతే ఆయన.

అమ్మా, శ్లోకంలో నవ్వు పుట్టేది సరిగ్గా ఇక్కడే. అందువల్ల ముందు "లోకానికి నాథుడు" అనే రాజు అర్థాన్ని పిల్లల చేతనే చెప్పించి బల్ల మీద రాయండి. అది స్థిరపడిన తరువాతే బిచ్చగాడి మాట వినిపించి, వివరించకుండా, "ఇతని విషయంలో నాథుడెవరు?" అని అడగండి. లోకమే అతనికి దిక్కు, అంటే "లోకమే నాథుడుగా కలవాడు" అని వాళ్లే పట్టుకుంటారు. ఆ తరువాత సీతాపతి అనే మాటను బహువ్రీహిగా మార్చమనండి. "సీతే పతిగా, అంటే యజమానిగా, కలవాడు" అని చెప్పి ఎవరు నవ్వుతారో వారికి సమాసం వచ్చినట్టు. కథ మాత్రమే తిరిగి చెప్పేవారికి ఇంకా రాలేదు.

గణిత ఉపాధ్యాయుడు: నేను రోజూ పాఠానికి ముందు ఒక జోకు చెబుతాను. పిల్లలు ఉత్సాహంగా ఉంటారు గాని, (a+b)² = a²+b² అని రాసేవాళ్లు తగ్గలేదండి.

విశ్రాంత భాషాపండితులు: ఆ జోకుకూ 2abకీ సంబంధం లేదు కదా. నాకు గణితం కొద్దిగానే తెలుసు గాని, 3, 4 కలిపి ఏడు గజాల భుజమున్న చదరపు స్థలం కొన్నవాడికి 9, 16 కూడి 25 చదరపు గజాలకే దస్తావేజు రాసిచ్చారనుకోండి. రావలసినవి 49. తక్కిన 24 ఎవరు కాజేశారని పిల్లలను వెతకమంటే, 12 చొప్పున రెండు ముక్కలు బయటపడతాయి.

తెలుగు ఉపాధ్యాయిని: క్రమం అర్థమైందండి, రేపే అలా చెబుతాను. సీతాపతి విషయంలోనే సందేహం. మా తరగతిలో ఆ పేరుగల అబ్బాయి ఉన్నాడు. ఈ వయసులో అలాంటి పేరు ఏడాదంతా వెంటాడుతుంది. పైగా భార్య మాట వినడం నవ్వులాటగా చూపడం నాకు నచ్చదు. అంత చక్కగా తిరగబడే మరో సమాసం ఎవరికైనా తోస్తే చెప్పండి.

ఒక విద్యార్థి తండ్రి: "జననాథుడు" పనికొస్తుందాండీ? ఎన్నికల ముందు ఒక సమాసం, తరువాత మరొకటి.