యాప్‌లో 360 యూనిట్లు, బిల్లులో 210: మిగిలినవి ఏమయ్యాయి?

కూకట్‌పల్లి నుంచి: మా మేడమీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. పోయిన నెల ఇన్వర్టర్ యాప్ 360 యూనిట్లు తయారైనట్టు చూపగా, బిల్లులో ఎక్స్‌పోర్ట్ కింద 210 మాత్రమే పడ్డాయి. మీటరు తప్పని ఫిర్యాదు రాసి ఉంచాను. ఒప్పందం నెట్ మీటరింగ్ అనే ఉంది. పంపవచ్చునా?

మియాపూర్ నుంచి: మీటరు సంగతి అటుంచండి. పంపిన యూనిట్‌కు ఎక్కడైనా మూడు రూపాయలే ఇస్తారు.

విద్యుత్ శాఖలో పనిచేసి విరమించినవారు: ఫిర్యాదు కొద్దిగా ఆపండి. పగలు మీ ఫ్రిజ్, మోటారు వాడుకున్న 150 యూనిట్లు మీటరు దాకా రానే రావు, కనుక ఎక్స్‌పోర్ట్‌లో కనబడవు. మియాపూర్ వారి మాట నెట్ బిల్లింగ్‌కు, గ్రాస్ మీటరింగ్‌కు సరిపోతుంది గాని నెట్ మీటరింగ్‌కు సరిపోదు.

మీ వాడకం మొత్తం 600 యూనిట్లు, అందులో గ్రిడ్ నుంచి తీసుకున్నవి 450 అనుకుందాం. ఫిక్స్‌డ్ ఛార్జీలు పక్కనపెట్టి, 200 దాటిన ఇళ్ల స్లాబులు, అంటే మొదటి 200కు 5.10, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, 400 దాటితే 9.50 రూపాయలు తీసుకుని లెక్క వేస్తున్నాను. నెట్ మీటరింగ్‌లో 450 నుంచి 210 తీసివేయగా మిగిలిన 240కే బిల్లు, అంటే 1,328 రూపాయలు. నెట్ బిల్లింగ్‌లో 450కీ 3,165 వేసి, 210 యూనిట్లకు మూడేసి చొప్పున 630 తగ్గిస్తారు కనుక 2,535 అవుతుంది. గ్రాస్‌లోనైతే 600కీ 4,590 కట్టాలి; తయారైన 360 మొత్తానికీ 1,080 జమ అవుతుంది కనుక చేతినుంచి 3,510 పోతుంది. మూడు రూపాయలన్నది లెక్క కోసం అనుకున్న ధర మాత్రమే.

నెట్ మీటరింగ్‌లో మీరు పంపిన యూనిట్ పైస్లాబులను కోసేస్తుంది కనుక ఒక్కొక్కటి సగటున 8.75 రూపాయల విలువ చేసింది. నెట్ బిల్లింగ్‌లో అదే మూడు రూపాయలకు పడిపోతుంది కనుక, అక్కడ వాషింగ్ మెషిన్‌ను రాత్రి కాక మధ్యాహ్నం వేసుకుంటే లాభం. నెట్ మీటరింగ్‌లో ఆ తేడా దాదాపు ఉండదు.

అల్వాల్ నుంచి: మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు, మోటారు మీటరుకే సోలార్ పెట్టాము. అది ఫ్లాట్ల బిల్లుల్లో తగ్గదా?

విరమించినవారు: ఆ మీటరుకు పంపినది ఆ మీటరు బిల్లులోనే కోతపడుతుంది. ఫ్లాట్లకు పంచే ఏర్పాటు వేరు. మీ ఒప్పందం చూడకుండా చెప్పలేను.

మియాపూర్ నుంచి: మరి నెలాఖరున నా వాడకం కంటే ఎక్కువ పంపితే?

విరమించినవారు: అప్పుడు మీ మాట కొంత నిజమవుతుంది. మిగులు యూనిట్లు తర్వాతి నెలలకు జమ అవుతాయి. గడువు తీరాక కూడా మిగిలితే వాటికి ఇచ్చేది స్లాబు ధర కాదు, అంతకంటే బాగా తక్కువ. అందుకే వాడకానికి మించిన సామర్థ్యం పెట్టించవద్దంటాను.

కూకట్‌పల్లి నుంచి: ఈ మధ్యాహ్నం ఇంట్లోని లోడు అంతా ఆపి గంటసేపు చూశాను. యాప్‌లో 2.2 యూనిట్లు పెరిగితే మీటరు ఎక్స్‌పోర్ట్ రీడింగు కూడా 2.2 పెరిగింది. ఫిర్యాదు పంపడం లేదు.