పెరటి కుళాయి స్పిండిల్ దగ్గర కారుతోంది: ప్యాకింగ్ మార్చాలా, కుళాయినే మార్చాలా?

పెరటితోట: మా పెరట్లోని అర అంగుళం ఇత్తడి కుళాయిని తిప్పితే పిడి కింద, దానితో పాటు తిరిగే కడ్డీ అంటే స్పిండిల్ చుట్టూ నీరు ఊరుతోంది. కట్టేస్తే ఆగిపోతోంది. రబ్బరు పైపు తగిలించి, చివర నీళ్లు చిమ్మే గన్ను మూసి ఉంచితే మరీ ఎక్కువగా కారుతోంది. ప్లంబరు కుళాయి మొత్తం మార్చాలంటున్నారు. స్పిండిల్ చుట్టూ నీరు రాకుండా వేసే ప్యాకింగ్ మారిస్తే చాలదా?

కొత్తిల్లు: ప్లంబరు గారి మాటే వినండి. మా ఇంట్లో ప్యాకింగ్ వేయించిన రెండు నెలలకే మళ్ళీ కారింది, అప్పుడు కొత్త కుళాయి కొనక తప్పలేదు. కూలి రెండుసార్లు ఇచ్చుకున్నాము.

పాతపానా: కట్టేసినప్పుడు ఆగిపోతోందని మీరు రాసిన మాటలోనే కారణం దొరుకుతోంది. ఈ రకం కుళాయిలో నీరు కింద వాషరు ఒత్తుకునే సీటు దగ్గరే ఆగిపోతుంది కనుక, మూసి ఉన్నంతసేపు పైన ప్యాకింగ్ ఉండే గ్లాండు మీద ఒత్తిడే ఉండదు. తెరిచి, పైగా చివర గన్ను మూస్తే, లోపల నిలిచిన నీటి ఒత్తిడి అంతా స్పిండిల్ చుట్టూ ఉన్న ప్యాకింగ్ మీద పడుతుంది. అంటే అరిగింది ప్యాకింగే కావచ్చు. ముందు గ్లాండు నట్టును పానాతో ఎనిమిదో వంతు తిప్పు మాత్రమే బిగించి చూడండి. కారడం ఆగి, పిడి చేతితో తేలికగా తిరిగితే అక్కడితో పని అయిపోయినట్టే. పిడి బిర్రుగా మారేంత బిగిస్తే మాత్రం స్పిండిల్ త్వరగా అరుగుతుంది.

తోటపని: మా కుళాయి కూడా ఇలాగే ఉండేది, కట్టేసినా మూతి నుంచి చుక్కలు పడుతుండేవి. పది రూపాయల వాషరు వేస్తే ఆగిపోయింది. మీరూ వాషరే మార్చండి.

పాతపానా: మీది వేరే జబ్బండీ. మూతి నుంచి చుక్కలు పడితే వాషరు లేదా సీటు, పిడి కింద ఊరితే గ్లాండు. ఆయన అడిగింది రెండోది.

బోరునీళ్లు: నట్టు విప్పి, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి, ఒక్క చుక్క కూడా రాదు.

పాతపానా: టేపు మంచిదే, కానీ చుట్టవలసిన చోటు అది కాదు. నీరు వచ్చేది స్పిండిల్‌కూ ప్యాకింగ్‌కూ మధ్య సందులోంచి. నట్టు మరలకు చుడితే ఆ సందు అలాగే ఉంటుంది. మిద్దె మీది ట్యాంకు వాల్వు కట్టేసి, కుళాయి తెరిచి మిగిలిన నీరు వదిలి, పిడినీ నట్టునూ తీయండి. గట్టిపడిన పాత ప్యాకింగ్‌ను సన్నని తీగ కొక్కెంతో స్పిండిల్‌కు గీత పడకుండా లాగేయండి. గ్రాఫైటు దారం కానీ, పురి పెట్టి దారంలా చేసిన టెఫ్లాన్ టేపు కానీ, పైనుంచి చూస్తే గడియారపు ముల్లు తిరిగే దిక్కున చుట్టి గూడు నింపండి. ఎదురు దిక్కున చుడితే నట్టు బిగించేటప్పుడు ఊడివస్తుంది. నట్టు చేతితో బిగించి, నీళ్లు వదిలి, గన్ను మూసి ఉంచి, ఊరుతుంటే కొద్దికొద్దిగా పానా వేయండి. లోపల దారం బదులు రబ్బరు రింగు కనబడితే, అదే కొలత రింగు వేయాలి.

కొత్తిల్లు: మరి మాది రెండు నెలలకే ఎందుకు పోయింది?

పాతపానా: స్పిండిల్ మీద గోరు పెట్టి చూశారా? గోరుకు తగిలే లోతైన గాడి ఉంటే ఏ ప్యాకింగూ నిలవదు; తిప్పిన ప్రతిసారీ ఆ గాడి దారాన్ని కోసేస్తుంది. అప్పుడు, నట్టు మరలు అరిగిపోయినప్పుడూ, మార్చడమే సరైనది. అయితే గోడలో పాత ఇనుప గొట్టం ఉంటే కుళాయి విప్పేటప్పుడు మర లోపలే విరిగే ప్రమాదం ఉంది, ప్లాస్టిక్ ఎల్బో అయితే కాస్త ఎక్కువ బలం వేసినా చిట్లుతుంది. గోడ పగలగొట్టే పని వచ్చిందంటే ఖర్చు కుళాయి ధర దగ్గర ఆగదు. అందుకే నేను ముందు గ్లాండు తెరవమంటాను.

పెరటితోట: ఈ ఉదయం విప్పి చూశాను. పాత ప్యాకింగ్ నల్లటి పొడిలా రాలింది. స్పిండిల్ మీద ఒకచోట సన్నని గీత ఉంది కానీ గోరుకు తగలడం లేదు. గ్రాఫైటు దారం మూడు చుట్లు వేశాను. మామూలుగా తెరిస్తే పొడిగా ఉంది. గన్ను మూసి పది నిమిషాలు ఉంచితే ఒక్క చుక్క కనబడింది.

పాతపానా: కొత్త దారం సర్దుకోవడానికి రెండు మూడు రోజులు వాడి, ఆ తర్వాత మరో ఎనిమిదో వంతు బిగించండి.

కొత్తిల్లు: ఆ గీతే రేపు గాడి అవుతుందని నా అనుమానం. మా ఊరి బోరు నీటిలో సున్నం ఎక్కువ, స్పిండిల్ మీద పేరుకున్న ఆ సున్నమే గరుకు కాగితంలా రాస్తుంది. వేసవి దాటాక ఎలా ఉందో రాయండి, అప్పుడు చూద్దాం.