"నన్ను చంపమంటావా": ఈ 'నన్ను' దేనికి తగులుతుంది?

అరసున్న: బాహుబలి రెండో భాగంలో (2017) శివగామి కట్టప్పతో అన్న మాట రాత్రి నుంచి వదలడం లేదు. "నువ్వు చంపుతావా, నన్ను చంపమంటావా" అనే కదా? కట్టప్ప మంచివాడా, ద్రోహా అన్న పంచాయితీ వద్దు. ఆ 'నన్ను' చంపడానికి కర్మా, అనడానికి కర్మా? దాన్నిబట్టి ఆయన నిర్ణయమే మారిపోతోంది.

గోదావరి గట్టు: సందేహమెందుకు? ద్వితీయ, పక్కనే 'చంపు'. నువ్వు ఒప్పుకోకపోతే నా ప్రాణం తీయమన్నట్టే అని రాజమాత బెదిరించింది. కట్టప్ప ఆమె ప్రాణం కాపాడాడు.

పాత మాస్టారు: పక్కన కూర్చున్నంత మాత్రాన చుట్టమైపోదండీ. "నన్ను తిట్టమన్నాడు" అంటే తిట్టవలసింది నేనా, తిట్లు తినవలసింది నేనా? రెండూ కుదురుతాయి. "నన్ను రమ్మన్నాడు"లో ఆ చిక్కు లేదు, రావడానికి కర్మ ఉండదు గనుక. ఇక్కడ చావవలసినవాడు ఎవరో ఇద్దరికీ తెలుసు, మళ్లీ చెప్పలేదు. 'నువ్వు'కు ఎదురుగా 'నన్ను' నిలిచింది. చెయ్యి నీదా, నాదా అన్నదే ప్రశ్న. బాహుబలి బతకడం అన్నది అందులో లేనే లేదు. అంతవరకు కాదన్న కట్టప్ప అక్కడే లొంగాడు, పెంచిన తల్లి చేతికి ఆ నెత్తురు అంటకూడదని.

వంటింటి వ్యాకరణం: మా అత్తగారు "నన్ను పిలవమన్నారు" అని మా మరిదికి చెబితే ఆయన అత్తగారినే పిలిచాడు. ఆవిడ పిలవవలసింది పురోహితుణ్ణి!

కట్టెపుల్ల: మాస్టారూ, అదంతా దయ అయితే సింహాసనానికి కట్టుబానిసగా ఉంటానన్న వంశపు మాట ఎక్కడికి పోయింది? పేరులోనే 'కట్టు' ఉంది.

పాత మాస్టారు: పేర్లకు వ్యుత్పత్తి లాగకండి. కట్టుబడ్డవాడు కావాలంటే భీష్ముణ్ణి చూడండి. "బద్ధోఽస్మ్యర్థేన కౌరవైః", అర్థంతో కౌరవులకు కట్టుబడిపోయాను, అని ధర్మరాజుతోనే చెప్పుకున్నాడు. ఆ 'అర్థం' డబ్బు ఒక్కటేనా అన్నది వేరే గొడవ. కానీ కట్టప్పకు మాట ఒక్కటే చాలి ఉంటే ఆజ్ఞ వినగానే కదిలేవాడు. రాజమాత ఆ రెండో ప్రశ్న వేయవలసిన పనే లేదు.

కట్టెపుల్ల: మాట అడ్డు లేకపోతే తప్పించుకు పారిపోయేవాడు కదా. తనను విడిపించడానికి వచ్చినవాణ్ణి వెనకనుంచి పొడిచాడు. అది ముఖం చూడలేని బానిస చేసే పని.

తిక్కన దాసుడు: తిక్కనగారు పదిహేను పర్వాలు రాశారు. మాట్లాడుతున్నది ఎవరో పద్యం నడకే చెప్పేస్తుంది. మన సంభాషణల్లో 'నన్ను' ఎవరిదో తేలడం లేదు!

గోదావరి గట్టు: పోతూ పోతూ బాహుబలి అమ్మను చూసుకోమని మామకే అప్పజెప్పాడు. నా అర్థానికే బలం.

పాత మాస్టారు: నా అర్థానికీ అంతే.

అరసున్న: ఆమె 'నన్ను' దగ్గర ఊపిరి తీసుకుందా, 'చంపుతావా' దగ్గరా? మళ్లీ విని రాస్తాను. తిక్కన సంగతి వేరే చోట పెట్టండి, దయచేసి.