క్యాన్సిల్ చేసిన టూర్: సగం పైగా కోసేశారు, కంపెనీకి ఏమని రాయాలి?

మారతహళ్లి స్వప్న
మే 24న బెంగళూరు నుంచి బయల్దేరే కశ్మీర్ గ్రూప్ టూర్ బుక్ చేశాం. ప్యాకేజీ 80,000, జీఎస్టీ 4,000, మొత్తం 84,000 ముందే కట్టేశాం. మామయ్యగారికి అర్జంటుగా ఆపరేషన్ చేయాల్సి వచ్చి, మే 8 శుక్రవారం రాత్రి క్యాన్సిల్ చేస్తున్నామని మెయిల్ పెట్టాను. అకౌంట్‌లో 40,000 మాత్రమే పడ్డాయి. అదేమంటే సగం కోత, జీఎస్టీ తిరిగి రాదు అంటున్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్తవాళ్లు ఎత్తుతున్నారు, కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. రాతపూర్వకంగా ఏం రాస్తే పని జరుగుతుంది?

కేఆర్ పురం రాజు
మాకూ ఇలాగే అయిందండీ. సంక్రాంతికి విజయవాడ బస్సు రద్దయితే గట్టిగా అడిగాం, మొత్తం వెనక్కి ఇచ్చేశారు. మీరూ 84,000 అడగండి, తగ్గొద్దు.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్
రాజు గారూ, మీ బస్సు వాళ్లే రద్దు చేశారు కాబట్టి మొత్తం ఇచ్చారు. ఇక్కడ మానుకున్నది స్వప్న వాళ్లు. మొత్తం అడిగితే "రూల్స్ చదవండి" అని ఒక్క లైన్‌తో సరిపెడతారు.

స్వప్నమ్మా, బుకింగ్ రోజు మెయిల్‌లో వచ్చిన షరతుల పీడీఎఫ్ తీయి. ఇవాళ వెబ్‌సైట్‌లో ఉన్నది వద్దు, వాళ్లు మధ్యలో మార్చి ఉండొచ్చు. ఎన్ని రోజుల ముందు ఎంత కోత అని ఉంది? రోజులు ఏ తేదీ నుంచి లెక్కపెడతారని రాశారు?

మారతహళ్లి స్వప్న
చూశానండీ. 29 నుంచి 15 రోజుల ముందైతే ప్యాకేజీ ధరలో 25 శాతం, 14 నుంచి 8 రోజులైతే 50 శాతం. "రాతపూర్వక సమాచారం అందిన పనిదినం నుంచి" అని ఉంది. వాళ్లు సోమవారం, అంటే 11వ తేదీ నుంచి లెక్కేశారు. అలా 13 రోజులే అయ్యాయి.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్
కీలకం ఇక్కడే ఉంది. శుక్రవారం నుంచి లెక్కిస్తే 16 రోజులు. రాత్రి మెయిల్ కాబట్టి శనివారం అందిందనుకున్నా 15 రోజులు, అప్పుడూ 25 శాతం కోతే. శనివారం వాళ్ల ఆఫీసు తెరిచి ఉందా?

మారతహళ్లి స్వప్న
రెండో శనివారం సెలవంటున్నారు. కానీ ఆ రోజు ఉదయం 11 గంటలకు వాళ్ల సేల్స్ ఆవిడే ఫోన్ చేసి, "మీ క్యాన్సిలేషన్ మెయిల్ చూశాం, జూన్ బ్యాచ్‌కి మారతారా" అని అడిగింది. కాల్ లిస్ట్‌లో ఉంది, తర్వాత ఆవిడ పెట్టిన వాట్సాప్ మెసేజ్ కూడా ఉంది.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్
ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ చాలు, శనివారం సెలవనీ, మెయిల్ అందలేదనీ ఇక అనలేరు.

ఆడిటర్ కుర్రాడు
జీఎస్టీ మొత్తం 4,000 ఇవ్వాల్సిందే బ్రో. టూరే జరగనప్పుడు పన్నెక్కడిది?

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్
సగం నిజం బాబూ. కోత పెట్టుకున్న సొమ్ము మీద అదే రేటున పన్ను పడుతుందని 2022 ఆగస్టులో వచ్చిన జీఎస్టీ సర్క్యులర్ చెప్తోంది. అంటే 20,000 మీద 1,000 వాళ్లు ఉంచుకోవచ్చు. మిగతా 3,000 ఉంచుకోవడానికి మాత్రం వీల్లేదు. "గవర్నమెంట్‌కి కట్టేశాం" అంటారు. బిల్లు తగ్గించినట్టు క్రెడిట్ నోట్ ఇచ్చి సర్దుకునే దారి వాళ్లకుంది. నేను ట్రావెల్ కంపెనీ అకౌంట్స్‌లో చాలాకాలం పనిచేశాను, మేం ఇలాగే సర్దేవాళ్లం.

లెటర్‌లో కోపం, ఆపరేషన్ కథ వద్దు. ఇంతే రాయి:

"బుకింగ్ నంబర్ ఫలానా. ప్రయాణం మే 24. రద్దు మెయిల్ మే 8న పంపాను, మే 9న మీ ప్రతినిధి అది చూసినట్టు మెసేజ్ పెట్టారు, జతచేశాను. మీ షరతుల ప్రకారం కోత 25 శాతం, అంటే 20,000, దానిపై జీఎస్టీ 1,000. రావాల్సింది 63,000. వచ్చింది 40,000. మిగిలిన 23,000 పదిహేను రోజుల్లో అదే ఖాతాకు పంపండి. మీ లెక్క వేరైతే ఏ షరతు కింద ఎంత కోశారో విడివిడిగా రాసి, క్రెడిట్ నోట్‌తో పంపండి."

కస్టమర్ కేర్‌తో పాటు షరతుల చివర ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్‌కి కూడా పెట్టు.

కావలి లక్ష్మి
వివాదాలన్నీ ముంబై కోర్టులోనే అని మా షరతుల్లో ఉంటే భయపడి వదిలేశాం అన్నయ్యా. అంతదూరం ఎవరు తిరుగుతారు?

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్
వదలక్కర్లేదమ్మా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. దానికి ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చి చూడండి. వాళ్లు కంపెనీకి పంపుతారు, తీర్పు చెప్పరు.

ఆడిటర్ కుర్రాడు
విమానం టికెట్లు వేరే లెక్క కదా? నాన్ రిఫండబుల్ అయినా ఎయిర్‌పోర్టు ఫీజులు, పన్నులు తిరిగి రావాలి.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్
విడిగా కొన్న టికెట్‌కి అంతే. గ్రూప్ ప్యాకేజీలో అప్పటికి పేరుమీద టికెట్ తీశారో లేదో తెలియాలి. దాన్ని ఈ లెటర్‌లో కలపకు, లెక్క చిక్కుపడుతుంది. విడిగా అడుగు.

మారతహళ్లి స్వప్న
మెయిల్ పెట్టాను, ఇవాళ జవాబొచ్చింది. 12,000 ఖాతాకి వేస్తారట, మిగతాది ఏడాదిలోపు వాడుకునే వోచర్ ఇస్తారట. ఒప్పుకుంటే కింద లింక్ నొక్కమన్నారు. మా ఆయన తీసుకుందామంటున్నారు.

సుబ్బారావు, వైట్‌ఫీల్డ్
లింక్ నొక్కే ముందు దాని కింద చిన్న అక్షరాల్లో "పూర్తి, తుది పరిష్కారం" లాంటి మాట ఉందేమో చూడు. ఉంటే నొక్కాక మిగతాది అడగడం కష్టం. వోచర్ వద్దు, నగదే కావాలని జవాబివ్వు. ఆపైన మీ ఇష్టం.